మాక్ టెస్ట్‌లో రెండు ప్రశ్నలు: ఆఫర్ ఫర్ సేల్ ఏ మార్కెట్? స్టాప్ లాస్ ఎందుకు అమ్ముడుపోలేదు?

కృష్ణలంక_శ్రావ్య

అందరికీ నమస్తే. బీకాం అయిపోయింది, విజయవాడలోనే ఉండి క్యాపిటల్ మార్కెట్ సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్నాను. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు కాబట్టి ఊహించి పెట్టాలంటే భయం. నిన్న రాసిన మాక్ టెస్ట్‌లో నాకు బాగా వచ్చనుకున్న చోటే రెండు పోయాయి.

మొదటిది. ఒక కంపెనీ ఐపీఓ మొత్తం ఆఫర్ ఫర్ సేలే, కొత్త షేర్లు ఒక్కటీ లేవు. ఇది ఏ మార్కెట్, డబ్బు ఎవరికి వెళ్తుంది? నేను "సెకండరీ, అమ్ముతున్న వాటాదారులకు" అని పెట్టాను. కీలో "ప్రైమరీ, అమ్ముతున్న వాటాదారులకు" అని ఉంది.

రెండోది. షేరు చివరి ధర 412. ఒకతని దగ్గర 100 షేర్లున్నాయి. ట్రిగ్గర్ 400, లిమిట్ 398 పెట్టి స్టాప్ లాస్ అమ్మకం ఆర్డర్ ఇచ్చాడు. ఆ రోజు ధర 401 దగ్గర ముగిసింది. మర్నాడు 394 దగ్గర తెరుచుకుని రోజంతా 396 దాటలేదు. ఏమవుతుంది? ఆప్షన్లు: 400కి అమ్ముడవుతుంది, 398కి అమ్ముడవుతుంది, 394కి అమ్ముడవుతుంది, అమ్ముడుపోకుండా 398 దగ్గర ఆర్డరుగా వేచి ఉంటుంది. నేను 398 పెట్టాను. కీలో చివరిది.

ఎవరైనా వివరంగా చెప్తారా?

టిక్కీల_శేషయ్య

అమ్మాయ్, మొదటిదాంట్లో నీదే కరెక్టు, కీ తప్పు. మా గుంటూరు యార్డు లెక్కన చెప్తా విను. రైతు తన చేలో కాయ తొలిసారి యార్డుకు తెచ్చి అమ్మితే అది ప్రైమరీ. కొన్న వ్యాపారి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు చూసుకుని ఇంకో వ్యాపారికి అమ్మితే సెకండరీ. ఆఫర్ ఫర్ సేల్ అంటే ఎవరి దగ్గరో ఉన్న పాత సరుకేగా. కొత్త పంట ఎక్కడుంది అందులో?

రెండోదానికి కూడా నీ జవాబే. లిమిట్ 398 అన్నాడు, అంతకంటే తక్కువకు ఇవ్వనన్నాడు. అంటే 398కి అమ్ముడైనట్టే కదా.

బ్రాడీపేట_సీఏ_ఇంటర్

శేషయ్య గారూ, పరీక్షలో మీ యార్డు లెక్క రాస్తే మార్కు రాదండి. సెబీ ఐసీడీఆర్ నిబంధనలు, 2018లో పబ్లిక్ ఇష్యూ అన్నదాంట్లోనే రెండూ కలిసి ఉన్నాయి: కంపెనీ కొత్తగా ఇచ్చే షేర్లు, ఇప్పటికే ఉన్న వాటాదారులు ప్రజలకు అమ్మే షేర్లు. ఐపీఓ అంటే ప్రైమరీ. అంతే, బట్టీ కొట్టేయండి.

లక్ష్మీపురం_పద్మజ

నేను పరీక్షలు రాయట్లేదు గానీ నా డబ్బు సంగతి ఇందులో ఉంది కాబట్టి అడుగుతున్నా. 2022 మే నెలలో ఎల్ఐసీ ఐపీఓకి పాలసీదారుల కోటాలో వేశాను. 15 షేర్లు వచ్చాయి. 949 ధర, 60 డిస్కౌంట్ పోను 889 చొప్పున 13,335 రూపాయలు. ఆ డబ్బుతో ఎల్ఐసీ పెద్దదవుతుంది, మన పాలసీలకు బోనస్ ఎక్కువ ఇస్తుంది అని మా వారు అందరికీ చెప్పి వేయించారు. ఇప్పుడు మీరంతా ఆఫర్ ఫర్ సేల్ అంటుంటే అనుమానం వస్తోంది. ఆ డబ్బు ఎల్ఐసీకి వెళ్ళలేదా?

పాత_డీలర్

పద్మజ గారూ, వెళ్ళలేదండి. ఆ ఐపీఓలో అమ్మింది భారత ప్రభుత్వం. తన దగ్గరున్న షేర్లలో 22.13 కోట్లు, అంటే మూడున్నర శాతం వాటా, జనానికి అమ్మింది. మీ 13,335 కేంద్ర ఖజానాకు చేరింది. ఎల్ఐసీ ఖాతాలోకి అందులోంచి ఒక్క రూపాయి రాలేదు, దాని మొత్తం షేర్ల సంఖ్య కూడా పెరగలేదు. ప్రభుత్వం చేతిలోంచి కొన్ని మీ చేతికి వచ్చాయి, అంతే. మీ వారికి నెమ్మదిగా చెప్పండి.

శ్రావ్యా, నేను గవర్నర్‌పేటలో ఒక బ్రోకింగ్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు టెర్మినల్ ముందు కూర్చున్నాను. నీలాగా ఈ ప్రశ్నకు తడబడిన పిల్లల్ని చాలామందిని చూశాను. తడబాటుకు కారణం ఏమిటంటే, మనకు క్లాసులో ఒకే ప్రశ్న వేసుకోమని నేర్పుతారు: డబ్బు కంపెనీకి వెళ్తోందా లేదా? వెళ్తే ప్రైమరీ, లేకపోతే సెకండరీ. మామూలుగా అది పనిచేస్తుంది. కానీ ఆఫర్ ఫర్ సేల్ దగ్గర పనిచేయదు. అక్కడ రెండో ప్రశ్న వేసుకోవాలి: ఈ షేరు నాకు ఎలా వచ్చింది?

పద్మజ గారు దరఖాస్తు పెట్టారు, బ్యాంకు ఖాతాలో డబ్బు బ్లాక్ అయింది, అలాట్‌మెంట్ అయ్యాకే ఆ డబ్బు కదిలింది. ఎక్స్ఛేంజిలో ఎదురుగా ఒక అమ్మకందారు ఆర్డర్ పెట్టి, దానితో ఈవిడ ఆర్డర్ కలవడం అనేది జరగలేదు. ప్రాస్పెక్టస్, ధరల శ్రేణి, దరఖాస్తు, అలాట్‌మెంట్ దారిలో వచ్చింది కాబట్టి పరీక్షకు అది ప్రైమరీ మార్కెట్. డబ్బు మాత్రం అమ్మినవాళ్ళకు. అదే షేరు 2022 మే 17న లిస్టయ్యాక ఎవరైనా టెర్మినల్ మీద అమ్మితే అది సెకండరీ.

రెండూ కలిసిన ఐపీఓ చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 2021 జులైలో జొమాటో ఐపీఓ 9,375 కోట్లు. అందులో 9,000 కోట్లు కొత్త షేర్లు, ఆ డబ్బు కంపెనీకి. మిగతా 375 కోట్లు ఇన్ఫో ఎడ్జ్ తన వాటాలోంచి అమ్ముకున్నది, ఆ డబ్బు ఇన్ఫో ఎడ్జ్‌కి. దరఖాస్తు పెట్టినవాడికి ఇచ్చింది ఒకే ఫారం, ఒకే 76 రూపాయల ధర. తన డబ్బు ఏ వాటాలోకి వెళ్ళిందో అతనికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అలాంటప్పుడు సగం ఫారం ప్రైమరీ, సగం సెకండరీ అనగలమా?

టిక్కీల_శేషయ్య

డీలర్ గారూ, మీ మాట బాగానే ఉంది గానీ నాకు మింగుడు పడట్లేదు. కంపెనీకి పైసా రాకపోతే దానికి ప్రైమరీ అన్న పేరెందుకు? దళారీ సరుకు కొత్త సంచిలో పోసి తెస్తే కొత్త పంట అవుతుందా?

పాత_డీలర్

అవదు శేషయ్య గారూ. ఆర్థికంగా మీరు చెప్పేది నిజమే, చేతులు మారాయి అంతే. మీలాగే రాసే పుస్తకాలూ ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్న చూడగానే నేను ముందు ఆప్షన్లలో డబ్బు సంగతి చూస్తాను. "డబ్బు కంపెనీకి" అన్న రెండు ఆప్షన్లు వెంటనే పోతాయి. ప్రశ్నలో ఐపీఓ అన్న మాట ఉంటే, మిగిలిన రెండింట్లో ప్రైమరీ వైపు పోతాను.

అయితే ఒక మెలిక ఉంది. ఆఫర్ ఫర్ సేల్ అనే పేరుతోనే ఇంకొకటి ఉంది. అప్పటికే లిస్టయిన కంపెనీలో ప్రమోటర్ తన వాటా తగ్గించుకోవడానికి ఎక్స్ఛేంజిలో ప్రత్యేకంగా ఒక విండో తెరుస్తారు. 2012లో సెబీ తెచ్చింది. అందులో ప్రాస్పెక్టస్ ఉండదు, దరఖాస్తు ఫారం ఉండదు, బ్రోకర్ ద్వారా ఎక్స్ఛేంజిలోనే బిడ్ వేస్తాం. అది సెకండరీ. ప్రశ్నలో "స్టాక్ ఎక్స్ఛేంజి ద్వారా" అన్న రెండు మాటలు కనిపిస్తే జవాబు తిరగబడుతుంది. శ్రావ్యా, నీ ప్రశ్నలో ఐపీఓ అని స్పష్టంగా ఉంది కాబట్టి కీ సరైనదే అంటాను.

బ్రాడీపేట_సీఏ_ఇంటర్

ఈ విండో సంగతి నాకు తెలియదు. పైన బట్టీ కొట్టమన్నది వెనక్కి తీసుకుంటున్నా.

కృష్ణలంక_శ్రావ్య

డీలర్ బాబాయ్ గారూ, థాంక్సండి. మొదటిది అర్థమైంది. రెండోది కూడా చెప్పరా? లిమిట్ 398 అంటే 398కి అమ్ముతుంది అనే కదా అర్థం?

పాత_డీలర్

కాదమ్మా. అక్కడే ఉంది తప్పంతా. స్టాప్ లాస్ సంగతి తర్వాత, ముందు లిమిట్ అంటే ఏమిటో సరిచేసుకుందాం. ఒక షేరుకు అమ్మేవాళ్ళ వైపు ఇలా ఉందనుకో:

```
అడుగుతున్న ధర      షేర్లు
412.00              40
412.50              60
415.00             200
```

నీకు 150 షేర్లు కావాలి. మార్కెట్ ఆర్డర్ కొట్టావు. ముందు 412కి 40, తర్వాత 412.50కి 60, మిగతా 50 షేర్లు 415కి దొరుకుతాయి. మొత్తం 61,980 రూపాయలు, సగటు 413.20. స్క్రీన్ మీద 412 చూసి కొట్టావు, పడింది 413.20. మార్కెట్ ఆర్డరుకు దొరకడం దాదాపు ఖాయం, ధర మాత్రం నీ చేతిలో లేదు.

ఇప్పుడు అదే 150కి 412.50 లిమిట్ పెట్టావనుకో. మొదటి రెండు వరసలు నీకు వచ్చేస్తాయి, 100 షేర్లు. మిగతా 50కి నువ్వు 415 ఇవ్వనన్నావు కాబట్టి అవి కొనేవాళ్ళ వైపు 412.50 దగ్గర వరసలో కూర్చుంటాయి. అదే ధరకు నీకంటే ముందు ఎవరైనా పెట్టి ఉంటే వాళ్ళ తర్వాతే నువ్వు. ముందు ధర చూస్తారు, ధర సమానమైతే సమయం చూస్తారు. ఇదే ఆర్డరుకు IOC అని టిక్ పెట్టి ఉంటే 100 వచ్చి, మిగతా 50 ఆ క్షణమే రద్దయ్యేవి. పరీక్షలో IOC ప్రశ్న వస్తే మొత్తం రద్దవుతుందని చాలామంది పెడతారు. దొరికినంత దొరుకుతుంది, దొరకనిదే పోతుంది.

బ్రాడీపేట_సీఏ_ఇంటర్

అదే 150కి 416 లిమిట్ పెడితే 416కి కొనాల్సి వస్తుంది కదా? అనవసరంగా నష్టం.

పాత_డీలర్

రాదు తమ్ముడూ. పుస్తకంలో ముందు నుంచి కూర్చున్నవాడి ధరకే లావాదేవీ జరుగుతుంది. 412కి అమ్ముతానన్నవాడు అక్కడ ఉంటే నీకు 412కే ఇస్తాడు. 416 లిమిట్ పెట్టినా సగటు అదే 413.20. లిమిట్ అంటే "ఇంతకే కొంటాను" అని కాదు, "ఇంతకు మించి ఇవ్వను" అని. అమ్మేటప్పుడు "ఇంతకు తగ్గి ఇవ్వను" అని. శేషయ్య గారు పైన ఆ మాట సరిగ్గా అన్నారు, కానీ దానిమీద తప్పు ముగింపు పెట్టారు. తగ్గి ఇవ్వనంటే అమ్ముడైనట్టు కాదు. కొనేవాడు 398 ఇవ్వాలి కదా.

టిక్కీల_శేషయ్య

ఇది ఒప్పుకుంటా. యార్డులో రేటు నచ్చక కాటా వేయించకుండా సరుకు వెనక్కి పట్టుకెళ్ళే రైతులు ఎంతమంది లేరు.

పాత_డీలర్

ఇప్పుడు శ్రావ్య ప్రశ్న. స్టాప్ లాస్ ఆర్డర్ ఇచ్చినప్పుడు అది వెంటనే అసలు పుస్తకంలోకి పోదు. పక్కన వేరే చోట నిద్రపోతుంది, ఎదుటివాళ్ళకు కనపడదు. చివరి ధర ట్రిగ్గర్‌ను తాకినా, దాటి పడినా లేస్తుంది. లేచాక అది మామూలు 398 లిమిట్ అమ్మకం ఆర్డరే. దాని సమయం కూడా లేచిన క్షణం నుంచే లెక్క. నువ్వు పొద్దున్న తొమ్మిదింబావుకే ఇచ్చానని సీనియారిటీ అడిగితే ఇవ్వరు.

401 నుంచి మెల్లగా దిగి 400, 399.50, 399 అంటూ వస్తే 400 దగ్గర లేచిన ఆర్డరుకు ఎదురుగా 399.50 ఇచ్చే కొనుగోలుదారు ఉంటాడు, అక్కడే అమ్ముడైపోతుంది. చూశావా, అప్పుడు కూడా 398కి కాదు. ట్రిగ్గరుకూ లిమిట్‌కూ మధ్య రెండు రూపాయల జాగా పెట్టేది ఇందుకే. కానీ ధర 401 నుంచి ఎగిరి 394లో పడితే ఆ జాగా మొత్తం దాటిపోయింది. ఆర్డర్ లేస్తుంది, 398 అడుగుతుంది, ఎదురుగా ఇచ్చేది 394. ఎవరూ రారు. నష్టం ఆపడానికి పెట్టిన ఆర్డర్ అలా కూర్చుని చూస్తుంటుంది.

అదే SL-M అయితే, అంటే ట్రిగ్గర్ మాత్రమే ఉండి లిమిట్ లేకుండా, 394 దగ్గరే ఎంతొస్తే అంతకు అమ్మేసేది. బయటపడతావు, ధర మాత్రం దేవుడి దయ. బీఎస్ఈలో 2023 అక్టోబరు నుంచి SL-M తీసేశారు. పాత గైడ్లు చదివేవాళ్ళు అది గమనించుకోవాలి.

లక్ష్మీపురం_పద్మజ

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మొన్న ఒక షేరు 412లో ఉంది. 390కి దిగితే కొందామని స్టాప్ లాస్ కొనుగోలులో ట్రిగ్గర్ 390 పెట్టాను. ఆర్డర్ రిజెక్ట్ అయింది. యాప్ పాడైందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరగంట వాదించాను. శ్రావ్య ప్రశ్నలోని షేరు కూడా 412 అంటే, అదేనా?

పాత_డీలర్

అది పరీక్షలో వేసిన ఊహా సంఖ్య అండి, మీ షేరు కాదు. యాప్ కూడా బాగానే ఉంది. దిగితే కొనడానికి మామూలు లిమిట్ ఆర్డర్ 390 పెడితే చాలు, అది వెళ్ళి వరసలో కూర్చుంటుంది. స్టాప్ లాస్ కొనుగోలు దానికి పూర్తిగా వ్యతిరేకం: ధర పెరిగితే లేచేది. ముందే అమ్మేసి తర్వాత కొనాల్సినవాడు, ధర పెరిగిపోతుందేమో అన్న భయంతో పెట్టుకునేది. అందుకే కొనుగోలుకు ట్రిగ్గర్ చివరి ధరకు పైన ఉండాలి. మీరు కింద పెట్టారు, ఒప్పుకోలేదు.

శ్రావ్యా, ఇది నీకు కూడా పనికొస్తుంది. ఆప్షన్లలో తప్పుడు జతలు ఇస్తారు. అమ్మకం స్టాప్ లాస్‌లో లిమిట్ ట్రిగ్గరుకు సమానం లేదా దానికి కింద: ట్రిగ్గర్ 400, లిమిట్ 398. కొనుగోలులో లిమిట్ ట్రిగ్గరుకు సమానం లేదా దానికి పైన: ఉదాహరణకు ట్రిగ్గర్ 420, లిమిట్ 422. అమ్మకానికి ట్రిగ్గర్ 398, లిమిట్ 400 అని కనిపిస్తే లెక్క చేయకుండా కొట్టేయొచ్చు.

బ్రాడీపేట_సీఏ_ఇంటర్

ఒక డౌట్. ప్రశ్నలో "మర్నాడు" అని ఉంది. మన ఎక్స్ఛేంజిలో ఆర్డర్ ఆ రోజుకే కదా? సాయంత్రం మూడున్నరకు రద్దయిపోవాలి. మర్నాడు 394 దగ్గర లేవడానికి ఆర్డరే ఉండదుగా?

పాత_డీలర్

భలే పట్టావు! నేను పద్దెనిమిదేళ్ళ అలవాటులో ఆ మాట మీదుగా దాటిపోయాను. నిజమే. మామూలు రోజు ఆర్డర్ అయితే ముందు రోజు 401 దగ్గర ముగిసినప్పుడే దాని కథ అయిపోయింది. మర్నాడు మళ్ళీ పెట్టుకోవాలి. బ్రోకర్లు ఇచ్చే GTT ఉంటుంది గానీ అది బ్రోకర్ దగ్గర ఉండేది, ధర తాకినప్పుడు బ్రోకర్ సిస్టమ్ కొత్తగా ఆర్డర్ పంపుతుంది. ప్రశ్నలో ఆ ఊసే లేదు.

అలాగైతే "అమ్ముడుపోదు" అన్న సగం నిజం, "398 దగ్గర వేచి ఉంటుంది" అన్న సగం అబద్ధం. మిగతా మూడు ఆప్షన్లూ మొత్తం తప్పే కాబట్టి పరీక్షలో చివరిదే పెట్టాలి. కానీ ప్రశ్న రాసినాయన "మర్నాడు" తీసేసి "అదే రోజు ఒక్కసారిగా" అని రాసి ఉండాల్సింది.

టిక్కీల_శేషయ్య

అయితే కీ తప్పేగా!

బ్రాడీపేట_సీఏ_ఇంటర్

సగం తప్పు శేషయ్య గారూ. అభ్యంతరం పెడితే మార్కు కలుపుతారో లేదో.

కృష్ణలంక_శ్రావ్య

ఇవాళ కోచింగ్‌లో సార్‌ని అడిగాను. GTT అనుకుని రాసిన ప్రశ్న అన్నారు, పక్కనున్న ఇంకో సార్ కాదు, పాత విదేశీ పుస్తకంలోంచి తీసుకుని ఉంటారన్నారు. అక్కడ ఆర్డర్ రద్దు చేసేదాకా నిలిచి ఉండే రకం ఉంటుందట. ఇద్దరూ వాదించుకుంటుంటే బెల్ కొట్టేశారు. కీ మాత్రం మార్చలేదు.

డీలర్ బాబాయ్ గారూ, ఇంకొక్కటి. ఐపీఓ ఫారంలో "కటాఫ్ ధర" అని టిక్ పెడతారు కదా, అది మార్కెట్ ఆర్డర్ లాంటిదే అనుకోవచ్చా?

పాత_డీలర్

పోలిక కొంతదూరమే పనిచేస్తుంది. ఎంత ఖరారైతే అంత ఇస్తానన్నంతవరకు సరే. కానీ మార్కెట్ ఆర్డరుకు పైకి హద్దు లేదు, మన 150 షేర్లలో చివరి 50కి 415 పడింది చూశావుగా. కటాఫ్‌కు శ్రేణిలోని పై ధరే హద్దు. ఎల్ఐసీ శ్రేణి 902 నుంచి 949, కటాఫ్ టిక్ పెట్టినవాళ్ళకు పై ధర లెక్కనే డబ్బు బ్లాక్ చేశారు. రిటైల్ వాళ్ళకు ఉంటుంది ఆ టిక్, పెద్ద సంస్థలకు ఉండదు. ఆప్షన్లలో ఎవరి పేరుందో చూసి పెట్టు.

లక్ష్మీపురం_పద్మజ

మా వారికి చెప్పాను. మన 13,335 ప్రభుత్వానికే వెళ్ళిందట అంటే, అయితే రోడ్డు వేస్తారులే అన్నారు. ఎన్‌ఎస్‌ఈలో మొదటి రోజు 872కి తెరుచుకున్నప్పుడు అమ్మనివ్వలేదు ఈయన.